డాక్టర్ సలహా: మింగలేనంత గొంతు నొప్పి.. ఉప్పు నీళ్లు సరిపోతాయా?

ప్రశ్న: మా బాబుకి 11 ఏళ్లు. నాలుగు రోజులుగా గొంతు నొప్పి, ఉమ్మి మింగినా ఏడుస్తున్నాడు. జ్వరం 102 వచ్చింది. జలుబు, దగ్గు లేవు. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ మూడు మాత్రలు ఇస్తే రెండు వేశాం, కాస్త నయం. ఉప్పు నీళ్లు రోజుకి ఎన్నిసార్లు పుక్కిలించాలి? - ఒక తల్లి, గాజువాక

జవాబు: గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు, రోజుకి మూడు నాలుగు సార్లు. మింగకుండా ఉమ్మేయాలి. నొప్పి కాస్త తగ్గుతుంది, అంతే. ఇన్ఫెక్షన్‌ని అది తగ్గించదు.

నాకు అనుమానంగా ఉన్నది మీరు చివర్లో రాసిన విషయం కాదమ్మా, జలుబు, దగ్గు లేవన్న మాట. వైరస్ అయితే సాధారణంగా ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురుపోవడం కూడా ఉంటాయి. ఐదారు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఈ వయసులో ఇవేవీ లేకుండా ఒక్కసారిగా జ్వరం, మింగలేనంత నొప్పి వస్తే స్ట్రెప్ బ్యాక్టీరియా గురించి ఆలోచించాలి. ఫోన్ టార్చ్ వేసి చూడండి: టాన్సిల్స్ మీద తెల్లటి చీము ఉందా? దవడ కింద బిళ్లలు కట్టి, నొక్కితే నొప్పిగా ఉన్నాయా? ఉంటే అనుమానం పెరుగుతుంది. అయినా కొన్ని వైరస్‌లలోనూ చీము కనిపిస్తుంది కాబట్టి చూపుతో తేల్చలేం. గొంతులోంచి స్వాబ్ తీసి ర్యాపిడ్ టెస్టో, కల్చరో చేయాలి. కల్చర్ రిపోర్ట్‌కి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఇక్కడే ఆ రెండు మాత్రలతో చిక్కు. యాంటీబయోటిక్ పడ్డాక స్వాబ్ తీస్తే, బ్యాక్టీరియా ఉన్నా కల్చర్‌లో దొరక్కపోవచ్చు. పైగా స్ట్రెప్‌కి మేం ముందుగా ఎంచుకునేది పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్, అది పది రోజుల కోర్సు. అజిత్రోమైసిన్‌కి లొంగని స్ట్రెప్ కూడా ఉంది, అది ఇచ్చినా మూడు రోజులతో సరిపెట్టం. నయమైందని మధ్యలో ఆపేస్తే కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత కీళ్ల నొప్పులతో రుమాటిక్ ఫీవర్ మొదలై గుండె కవాటాల దాకా పోతుంది. అందరికీ వస్తుందని కాదు, టెన్షన్ పడకండి. లక్షణాలు మొదలైన తొమ్మిది రోజుల లోపు సరైన మందు మొదలుపెడితే చాలావరకు ఆపొచ్చు. మీకు నాలుగు అయిపోయాయి. షాపతనికి గొంతు చూసే అవకాశం లేదు, మీరైనా ముందే చూపించాల్సింది.

కాబట్టి ఈరోజే పిల్లల డాక్టర్‌కో, ఈఎన్‌టీకో చూపించండి. ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లి, ఎప్పుడెప్పుడు వేశారో చెప్పండి. మూడోది వేయాలా, మందు మార్చాలా అనేది బాబుని చూసినవాళ్లే చెప్పాలి, రాసింది చదివి నేను చెప్పకూడదు. అమాక్సిసిలిన్ తెచ్చి మీరే మొదలుపెట్టకండి. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు.

ఉమ్మి మింగలేక కారుస్తున్నా, నోరు పూర్తిగా తెరవలేకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి కష్టమైనా, గొంతులో బూడిద రంగు పొర కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. రాత్రయినా సరే కేజీహెచ్‌కో, దగ్గర్లోని ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి.