కాల్ రికార్డింగు: ముక్క కాదు, అసలు ఫైల్ కావాలె

"మా ఆయన ఫోన్ల బూతులు తిట్టింది రికార్డు చేసిన. 40 సెకన్ల ముక్క వాట్సాప్‌ల పంపితే ఎస్సై ఇది పనికిరాదన్నడు. ఏం చెయ్యాలె?"

కత్తిరించిన కాపీ అయినందుకే అక్కా. ముందు ఏమన్నరు, వెనక ఏమన్నరు అని అవతలి వకీలు అడిగితే జవాబుండదు.

1. ఫోన్‌ల అసలు ఫైల్ వెతుకు. ట్రిమ్ చేసినప్పుడు కాపీగా సేవ్ అయితే అసలుది పక్కనే ఉంటది. లేకుంటే ట్రాష్ చూడు.

2. దొరికితే పేరు కూడా మార్చకు. ఫోన్ రీసెట్ చెయ్యకు, అమ్మకు. అండ్ల నువ్వు తిరిగి తిట్టినా సరే, మొత్తం కాల్ ఇయ్యి.

3. అందరు మరిచేది ఇదే: సర్టిఫికెట్. కాపీని పెన్‌డ్రైవ్‌ల ఇస్తే, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద అది జతపరచాలె. మొదటి భాగం నువ్వు, రెండోది నిపుణుడు నింపుతరు. అండ్ల హ్యాష్ విలువ రాస్తరు, అంటే ఫైల్‌కు వేలిముద్ర అసొంటిది. ఒక్క సెకను కోసినా మారిపోతది. ఫిర్యాదు రాసుకునేటందుకు ఇది అక్కర్లేదు, కోర్టుల కావాలె.

4. వాయిస్ నోటైతే ఆ చాట్‌నే ఉంచు, డిసప్పియరింగ్ మెసేజెస్ ఆపు.

చుట్టాల గ్రూపుల పెట్టినవా? ఇంక ఆపు, పరువు తీసినవని నీ మీదనే కేసు పెడ్తరు. ఆయన వేరేటోళ్లతో మాట్లాడే కాల్ చాటుగ రికార్డు చేసుడైతే అసలే వద్దు, అది నేరం. నువ్వు మాట్లాడిన కాలే ఇయ్యి.