పెళ్లి కార్డు అడుగున వేసే ఆ రెండు ఫోన్ నెంబర్లు ఎవరివి?

ప్రశ్న: మా చెల్లి పెళ్లి కార్డు ఈ వారం ప్రింటింగ్‌కి ఇవ్వాలి. అడుగున రెండు నెంబర్లకే చోటు ఉందన్నారు. నాన్నగారిది, పెదనాన్నగారిది వేసేద్దాం అంటున్నారు ఇంట్లో. అంతేనా, ఇంకెవరివైనా వేయాలా?

నాన్నగారి నెంబరు వేయకండి. పెదనాన్నగారిది వేసేముందు, ముహూర్తం వేళకి ఆయన ఎక్కడ ఉంటారో, ఏం చేస్తుంటారో ఒకసారి ఆలోచించండి. పీటల మీద కూర్చునేవాళ్లది గానీ, మండపంలో చేతినిండా పని ఉన్నవాళ్లది గానీ కార్డు మీద ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మా గోదావరి జిల్లాల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంటికి పెద్ద ఎవరు, వాళ్ల తర్వాత ఎవరు అని చూసి వరసలో వేసేస్తారు.

మా బాబాయి కూతురి పెళ్లి తణుకు దగ్గర జరిగింది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. కార్డు మీద ఒక నెంబరు బాబాయిది, రెండోది పెళ్లికూతురి మేనమామది. బాబాయికి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు, ఆయన భార్య హైదరాబాద్ నుంచి బయల్దేరారు. రైలు ఆలస్యమై, తాడేపల్లిగూడెంలో దిగేసరికే బాగా రాత్రయింది. స్టేషన్ బయట కారు మాట్లాడుకుని కార్డులో ఉన్న ఫంక్షన్ హాలు పేరు చెప్పారు. ఆ పేరుతో ఊళ్లో పాత హాలు ఒకటి, హైవే పక్కన కొత్తది ఒకటి ఉన్నాయి. డ్రైవరుకి తెలిసింది పాతదే. తీరా వెళ్తే గేటుకి తాళం, లోపలంతా చీకటి.

మాస్టారు కార్డు తీసి బాబాయికి ఫోన్ చేశారు. అప్పటికి బాబాయి పట్టుపంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని పీటల మీద ఉన్నాడు. పంచెకి జేబు ఎక్కడిది? ఫోన్ విడిదిగదిలో, విప్పిన చొక్కా జేబులో ఉంది, ఆ గదికి తాళం. మాస్టారు రెండో నెంబరుకి చేశారు. మేనమామ అదే సమయానికి పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తున్నాడు. రెండు చేతులూ గంప కిందే. పక్కన మేళం. ఆ హోరులో జేబులో ఫోన్ మోగినా వినపడదు, వినపడినా తీయలేడు.

మాస్టారు తెలివైనవారు. కార్డు వెనక్కి తిప్పారు. అడుగున చిన్న అక్షరాల్లో ప్రింటింగ్ ప్రెస్ పేరు, ఫోన్ నెంబరు ఉంటాయి కదా, దానికి చేశారు. ప్రెస్ ఆయన నిద్రలోంచి లేచి ఎత్తాడు. పెళ్లిళ్ల సీజన్లో వాళ్లకి ఏ వేళప్పుడైనా ఫోన్లు వస్తూనే ఉంటాయి. "ఆ కార్డు మేమే వేశామండీ, అది ఊళ్లో హాలు కాదండీ, హైవే మీద కొత్తది" అని చెప్పి, డ్రైవరుకి ఫోన్ ఇమ్మని దారి కూడా చెప్పాడు. మాస్టారు దంపతులు వచ్చేసరికి తలంబ్రాలు అయిపోతున్నాయి. మర్నాడు పొద్దున ఫోన్ చేతికి వచ్చాక మిస్డ్ కాల్స్ చూసుకుని బాబాయి పడిన బాధ నేను కళ్లారా చూశాను. ఏరికోరి పిలిచిన గురువుగారు తాళి కట్టే వేళకి లేరు.

అందుకే, పెళ్లిలో ఎవరి చేతులు ఎప్పుడు ఖాళీగా ఉండవో ముందు లెక్క చూసుకోండి. కన్యాదానానికి అమ్మానాన్నా ఇద్దరూ పీటల మీదే. కాళ్లు కడగడం, జీలకర్ర బెల్లం, తాళి కట్టడం అయ్యేదాకా వాళ్లు లేవరు. గంప మోసేది మేనమామలు, కాబట్టి వాళ్లూ కాదు. పెళ్లికూతురి అన్నదమ్ములకి చాలా ఇళ్లలో హోమం దగ్గర పేలాలు పోసే పని ఉంటుంది, పైగా వియ్యాలవారికి ఏది కావాలన్నా పరిగెత్తేది వాళ్లే. అంటే మీరు కూడా కాదు. ఇంటి అల్లుడిది వేద్దామని ఎవరైనా అంటారు, అది అసలే వద్దు. అల్లుడికి మనం మర్యాద చేయాలి గానీ, రాత్రంతా దారులు చెప్పే పని ఆయనకి అప్పగిస్తే ఆ మాట ఏళ్ల తరబడి నలుగుతుంది.

ఇక మిగిలేది ఎవరు? పీటల మీద లేని బాబాయిలు, పిన్ని భర్తలు, పెద్ద పిన్నులు, పెదనాన్న పిల్లలు, నాన్నగారి స్నేహితులు. వీళ్లలోంచి ఇద్దరిని ఎంచేటప్పుడు ఇద్దరూ ఒకే రకం మనుషులు కాకుండా చూడాలి. ఒకరికి ఆ ఊరి దారులు తెలియాలి, ఇంకొకరికి మన మనుషులు తెలియాలి.

మా ఇంట్లో తర్వాత జరిగిన పెళ్లి మా చెల్లిది. కార్డు రాయించే పని నేను తీసుకుని, ఈ లెక్కనే ఇద్దరిని పెట్టించాను. మొదటి నెంబరు మా పెదనాన్న కొడుకుది. అన్నయ్యకి ఆ ఊళ్లోనే ఎరువుల కొట్టు ఉంది. ఏ వంతెన దగ్గర పని జరుగుతోందో, పెద్ద బస్సు ఏ సందులో తిరగదో, రాత్రి పది దాటాక ఆటో ఎక్కడ దొరుకుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. రెండో నెంబరు మా పిన్నిది. పిన్ని టీచరుగా రిటైరైంది. రెండు వైపుల చుట్టాలూ తెలుసు, ఎవరు ఎవరితో మాట్లాడరో కూడా తెలుసు. ఫోన్ ఎత్తగానే గొంతు గుర్తుపట్టి "అత్తయ్యా, ఎక్కడిదాకా వచ్చారు?" అంటుంది. ఆ పలకరింపుతోనే వచ్చేవాళ్లకి సగం అలసట పోతుంది.

పెళ్లికి నాలుగైదు రోజుల ముందు నుంచి వచ్చిన ఫోన్లన్నీ దాదాపు పిన్నికే. రూము ఇస్తారా, ముందురోజు రావచ్చా, షుగర్ ఉంది పెందలాడే భోజనం దొరుకుతుందా, మా పక్కింటివాళ్లని తీసుకురావచ్చా. వీటికి సమాధానం చెప్పాలంటే అడిగే మనిషి ఎవరో తెలిసుండాలి, ఇంటి తరఫున ఔననో కాదనో అనే చొరవ ఉండాలి. పెళ్లిరోజు సాయంత్రం నుంచి వచ్చినవన్నీ అన్నయ్యకి. ఎక్కడ దిగాలి, కారు ఎక్కడ పెట్టాలి, ఇంకా ఎంత దూరం. ఆ ఫోన్లు చేసేవాళ్లు సగం మంది అన్నయ్యకి ముక్కూమొహం తెలియనివాళ్లే, అయినా ఇబ్బంది రాలేదు. పెళ్లయిన మర్నాడు మళ్లీ పిన్నికే: కళ్లజోడు మర్చిపోయాం, పిల్లాడి చెప్పులు ఉండిపోయాయి.

నాన్న నెంబరు లేకపోతే ఎలా అని మా ఇంట్లోనూ అన్నారు. నాన్న నెంబరు ఉన్నవాళ్లు కార్డు చూసి చేయరు, ఫోన్లో పేరు నొక్కి చేస్తారు. కార్డు చూసి చేసేది ఆ నెంబరు లేనివాళ్లే. కాబట్టి ఉన్న రెండు చోట్లలో ఒకటి నాన్నకి ఇస్తే అది వృథా. అయితే నాన్నకి వచ్చే ఫోన్లు ఆగవు. ఆయన పంచె కట్టుకోవడానికి గదిలోకి వెళ్లగానే ఫోన్ తీసుకుని, లాక్ ఎలా తీయాలో అడిగి, బాధ్యత తెలిసిన మనిషి చేతిలో పెట్టండి. మా నాన్న ఫోన్ ఆ రాత్రంతా మా మరదలి దగ్గర ఉంది. చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి, ఆటలాడి ఛార్జింగ్ అయిపోగొడతారు.

మగపెళ్లివారి కార్డు గురించి కూడా ఒక మాట, మీ వియ్యాలవారికి చెప్పండి. పెళ్లి ఎక్కువగా ఆడపిల్ల ఊళ్లోనే జరుగుతుంది. వాళ్ల కార్డు వాళ్లు వేయించుకుని, రెండు నెంబర్లూ వాళ్ల ఇంటివాళ్లవే వేసుకుంటారు. ఆ ఊరు ఎన్నడూ చూడని పెళ్లికొడుకు బాబాయిని వాళ్ల అతిథులు దారి అడుగుతారు, ఆయనేమో మనకి ఫోన్ చేసి అడుగుతాడు. వాళ్ల కార్డు మీద ఒక నెంబరు మన వైపు దారులు తెలిసిన మనిషిదే ఉంటే ఈ తిప్పలు ఉండవు. ముందే ఆ మనిషిని అడిగి, వియ్యాలవారి ఊళ్లో ముఖ్యుల పేర్లు నాలుగు చెప్పి ఉంచితే చాలు.

ప్రింటింగ్ సంగతికి వస్తే, నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. కార్డుకి వేలు పోస్తారు, మెరూన్ కాగితం మీద బంగారు రంగుతో నెంబరు చీమంత అక్షరాల్లో వేస్తారు. అరవై దాటినవాళ్లు ఆటోలో కూర్చుని, వీధిలైటు వెలుగులో అది ఎలా చదువుతారు? నెంబరుని ఐదంకెలు, ఖాళీ, మళ్లీ ఐదంకెలుగా, ముదురు రంగులో వేయమనండి. పక్కనే పేరు, వరస కూడా ఉండాలి. ఉత్త "సెల్" అని రెండు నెంబర్లు వేస్తే, చేసేవాళ్లకి ఎవరితో మాట్లాడుతున్నామో తెలియదు. "దారి వివరాలకు" అని ఒకరికి, "బస, భోజనాల వివరాలకు" అని ఇంకొకరికి వేస్తే ఇంకా మంచిది. వాట్సాప్‌లో కార్డు బొమ్మ పంపేటప్పుడు కింద ఆ రెండు నెంబర్లూ మామూలు అక్షరాల్లో టైప్ చేసి, హాలు లొకేషన్ కూడా పెట్టండి. బొమ్మలో ఉన్న నెంబరుని నొక్కి ఫోన్ చేయడం చాలామంది పెద్దవాళ్లకి రాదు.

ప్రూఫ్ వచ్చాక, దాని మీద ఉన్న అంకెలు చూస్తూ మీ ఫోన్లో ఒక్కొక్కటీ కొట్టి నిజంగా ఫోన్ చేయండి. ఫోన్లో ఉన్న పేరు నొక్కి చేస్తే తప్పు బయటపడదు. రెండంకెలు అటూ ఇటూ అయితే చూపుకి దొరకదు, ఫోన్ వేరేవాళ్లు ఎత్తితేనే తెలుస్తుంది. పిన్నిది, అత్తయ్యది వేసేటట్టయితే వాళ్లని అడిగి వేయండి. కార్డు వాట్సాప్‌లో ఎన్ని గ్రూపులు తిరుగుతుందో మన చేతిలో ఉండదు, తర్వాత నెలల తరబడి ఫోటోగ్రాఫర్లు, లోన్లవాళ్లు చేస్తూనే ఉంటారు. పెళ్లికూతురి నెంబరు మాత్రం ఏ పరిస్థితిలోనూ వేయకండి.

పెదనాన్నగారు నొచ్చుకుంటారనే కదా మీ ఇంట్లో అసలు భయం. ఆయన పేరు "ఆహ్వానించువారు" దగ్గర అందరికంటే పైన, పెద్ద అక్షరాల్లో వేయించండి. తర్వాత మీరు కాదు, మీ నాన్నగారే వెళ్లి, "అన్నయ్యా, నేను పీటల మీద ఉంటే గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లని పలకరించేది నువ్వే, ఫోన్లు పిల్లలు చూసుకుంటారు" అని చెప్పాలి. మా ఇంట్లో నాన్న ఇలాగే చెప్పాడు. పెదనాన్న ఆ రాత్రి ఒంటిగంట దాకా గుమ్మం వదల్లేదు.