టికెట్లు రద్దు చేసే ముందు ఒక కాగితం

చిన్నీ,

మీ అత్తగారిని ఐసీయూ నుంచి వార్డుకు మార్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. ఈ హడావిడిలో శుక్రవారం ఫ్లైట్‌ని మాత్రం గాలికి వదిలేయకు. అది బయల్దేరకముందే టికెట్లు రద్దు చెయ్యి. ఊరికే వెళ్లకుండా ఉంటే నో-షో కింద రాసేస్తారు, తర్వాత ప్రయాణ బీమావాళ్లు "మీరు రద్దే చేయలేదు కదా" అంటారు.

రద్దుకు ముందు డాక్టర్ దగ్గర కాగితం తీసుకో. కాశీ ప్రయాణం ఆగిపోయినప్పుడు నేను పొరపాటు చేసింది ఇక్కడే. మీ పెద్దమ్మకు పిత్తాశయంలో రాళ్లని ఆస్పత్రిలో చేర్చాం. డాక్టర్‌గారు చీటీ మీద "విశ్రాంతి అవసరం" అని రాసిచ్చారు. బీమావాళ్లు దాన్ని తిప్పి పంపారు. ప్రయాణం చేయకూడదని అందులో ఎక్కడుంది అని వాళ్ల ప్రశ్న. మళ్లీ వెళ్లి జబ్బు పేరు, చేరిన తేదీ, ఏ తేదీ వరకు ప్రయాణం కుదరదో రాయించి, సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు వేయించుకొచ్చాను.

డిశ్చార్జి సమ్మరీని అక్కడే నిలబడి చదువు. మా దాంట్లో డ్యూటీ డాక్టర్ "పది రోజులుగా నొప్పి" అని రాశాడు. నిజానికి రెండు రోజులే. మా పాలసీ కొని వారమే అయింది, అంటే ఆ ఒక్క మాటతో అది బీమా వర్తించని పాత జబ్బు అయిపోయేది. చెబితే కేసు షీటు చూసి దిద్దారు. తప్పుంటే దిద్దించుకో, లేనిది మాత్రం రాయించకు.

మా నాలుగు టికెట్లు 32,000. ఎయిర్‌లైన్ 4,800 తిరిగిచ్చింది. నాన్-రిఫండబుల్ టికెట్ అయినా విమానాశ్రయ ఫీజులు, ప్రభుత్వ పన్నులు వెనక్కివ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. ఏజెంటు "ఏమీ రాదు" అంటే నమ్మకు. ఎంత ఇచ్చారో, ఎంత పట్టుకున్నారో మెయిల్లో రాయించుకో, బీమావాళ్లు అదే అడుగుతారు. మిగిలిన 27,200లో మేం భరించాల్సిన మొదటి వెయ్యి పోను 26,200 వచ్చింది.

బీమా కంపెనీకి ఈరోజే మెయిల్ పెట్టి క్లెయిమ్ నంబరు తీసుకో. కాగితాలకు మా పాలసీలో 30 రోజుల గడువు. నీ దాంట్లో ఎంతో చూడు. ఫైనల్ బిల్లు ఆలస్యమైతే ఉన్నవి పంపి, మిగతావి తర్వాత పంపుతానని రాతపూర్వకంగా చెప్పు. తిరస్కరిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలో తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు లేదు.

ఇంకొకటి. పాలసీలో దగ్గరి బంధువులంటే ఎవరెవరో చదువు, కొన్నింటిలో అత్తమామలుండరు. అల్లుడుగారికి ఆవిడ సొంత తల్లి కాబట్టి ఆయన టికెట్‌కు ఇబ్బంది లేదు, పేచీ వస్తే నీ టికెట్‌కే. ఆయన పాస్‌పోర్ట్ చివరి పేజీలో తల్లి పేరుంటుంది, దాని కాపీ జత చెయ్యి.

మీ పెదనాన్న