క్యాప్షన్‌లో చక్కెర లేదు, లిస్టింగులో బెల్లం ఉంది

ప్రశ్న: మారతహళ్లిలో ఇంటి దగ్గరే రాగి లడ్డూలు చేసి అమ్ముతున్నాం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది. ప్యాకెట్ కోసం రాసుకున్న వివరణనే ఇన్‌స్టాగ్రామ్‌కు రెండు వాక్యాలుగా కుదించాం, ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో ఇంకాస్త పెంచి పెట్టాం. ‘చక్కెర లేని లడ్డూ, షుగర్ ఉన్నవారూ హాయిగా తినవచ్చు’ అన్న పోస్టు చూసి విజయవాడ నుంచి ఒకరు వాళ్ల నాన్నగారి కోసం తెప్పించుకున్నారు. బెల్లం ఉందని తెలిశాక వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానంటున్నారు. లిస్టింగులో బెల్లం అని రాశాం, మేం నిజంగానే చక్కెర వేయం. తప్పు మాదేనా? ఇకపై చిన్నదీ పెద్దదీ ఎలా రాసుకోవాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: తప్పు మీ లడ్డూలో లేదు, మీ ప్యాకెట్ మీద కూడా లేదు. క్యాప్షన్‌లో ఉంది. మీరు పంపిన ప్యాకెట్ ఫొటోలో ఇలా ఉంది: ‘తీపికి చక్కెర బదులు బెల్లం వాడాం.’ నిజాయితీ గల వాక్యం. దాన్ని కుదించేటప్పుడు ‘బదులు బెల్లం’ అన్న రెండు మాటలు పోయాయి. మిగిలింది ‘చక్కెర లేదు’. ఆ ఖాళీలోకి అసలు వివరణలో ఎక్కడా లేని ‘షుగర్ ఉన్నవారూ తినవచ్చు’ వచ్చి చేరింది. కుదించడం అంటే ఉన్నదాంట్లోంచి తీసేయడం కదా. మీ క్యాప్షన్‌లో మాత్రం నిజాన్ని నిలబెట్టే సగం పోయి, కొత్త వాగ్దానం ఒకటి పుట్టింది.

‘పూర్తి వివరం లిస్టింగులో ఉంది’ అన్న వాదన ఎందుకు నిలవదో ముందు చెబుతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ‘ప్రకటన’ అన్న మాటకు అర్థం చాలా విశాలం. ఇంటర్నెట్‌లో పెట్టేది, లేబుల్, పైకవరు, చివరకు ఇన్వాయిస్ కూడా అందులోకి వస్తాయి. కాబట్టి మీ ప్యాకెట్, పోస్టు, లిస్టింగ్ చట్టం దృష్టిలో మూడు వేర్వేరు ప్రకటనలు. దేనికది సొంతంగా నిజమై ఉండాలి. ఆ చట్టం కింద 2022లో వచ్చిన మార్గదర్శకాలు దీన్ని ఇంకా తేటగా చెప్పాయి: ప్రకటనలో చేసిన దావాను, అంటే వస్తువు గురించి గట్టిగా చెప్పుకున్న మాటను, అదనపు వివరణ విస్తరించవచ్చు, స్పష్టం చేయవచ్చు. కానీ ఆ దావాతో విభేదించకూడదు, తప్పుదారి పట్టించే దావాను సరిదిద్దే సాధనంగానూ అది పనికిరాదు. అదే పోస్టు అడుగున రాసిన సవరణే చెల్లనప్పుడు, లింకు నొక్కి వేరే చోటికి వెళితే తప్ప కనిపించని సవరణ మిమ్మల్ని కాపాడుతుందని నేను అనుకోను. పైగా బెల్లం సంగతి మీకు ముందే తెలుసని ఆ లిస్టింగే సాక్ష్యం చెబుతుంది.

ఇక్కడ మన భాషకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. తెలుగులో చక్కెర వేరు, బెల్లం వేరు. మా అమ్మ కూడా ‘ఇందులో చక్కెర లేదు, బెల్లమే’ అనే చెబుతుంది, అందులో అబద్ధం లేదు. కన్నడంలోనూ అంతే. కానీ ఆహార ప్రకటనలు, దావాల మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో చేసిన నిబంధనలు వంటింటి అర్థాన్ని చూడవు. ‘అదనంగా షుగర్ కలపలేదు’ అనాలంటే ఏ రకమైన షుగరూ కలిపి ఉండకూడదు. తేనె, మొలాసిస్ కూడా ఆ లెక్కలోకి వస్తాయి, అలాంటప్పుడు బెల్లం ఎలా తప్పించుకుంటుంది? బెల్లం తీసేసి ఎండు ఖర్జూరం ముద్ద వేసినా పని జరగదు. కలిపిన షుగర్‌కు బదులుగా అలాంటి పదార్థం వాడినా ఆ దావా చేయకూడదని అదే నిబంధన చెబుతుంది. ఖర్జూరం లడ్డూలు అమ్మేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

ఇక ‘షుగర్ ఫ్రీ’ అన్న మాటకు లెక్క ఉంది: 100 గ్రాముల్లో షుగర్ 0.5 గ్రాము దాటకూడదు. మీరు రాసిన కొలత ప్రకారం కిలోకు రాగి పిండి 400 గ్రాములు, బెల్లం 300, వేరుశనగ 200, నెయ్యి 100. అంటే 25 గ్రాముల లడ్డూ ఒక్కొక్కదానిలో ఏడున్నర గ్రాముల బెల్లం, సుమారు ఒకటిన్నర టీస్పూన్లు. బెల్లంలో అత్యధిక భాగం షుగరే. 100 గ్రాముల లడ్డూలో పాతిక గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. పరిమితి అర గ్రాము. మీ పోస్టు కింద #sugarfree అన్న హ్యాష్‌ట్యాగ్ ఉంది. అది అలంకారం కోసం పెట్టానని మీరు అనుకుని ఉంటారు. చదివేవాళ్లకు అదీ దావాయే. లిస్టింగ్ పెట్టేటప్పుడు వెతుకుడు పదాల గడిలో ‘డయాబెటిక్’ అని ఇచ్చి ఉంటే అదీ తీసేయండి. ఆ పదం చూసి వచ్చేది ఎవరో ఆలోచిస్తే ఎందుకు తీయమంటున్నానో అర్థమవుతుంది.

నన్ను నిజంగా కలవరపెట్టింది రెండో వాక్యం. చక్కెర మాటలో కనీసం భాష వల్ల వచ్చిన పొరపాటు ఉంది. ‘షుగర్ ఉన్నవారూ హాయిగా తినవచ్చు’ అన్నది ఒక రోగికి ఇచ్చిన భరోసా. ఆ పెద్దాయన దాన్ని నమ్మి రోజుకు నాలుగు తిని ఉంటే ముప్ఫై గ్రాముల బెల్లం లోపలికి వెళ్లేది. ఆహారం వల్ల జబ్బు తగ్గుతుందనో నయమవుతుందనో చెప్పడాన్ని అవే నిబంధనలు నిషేధించాయి. మీరు అంత దూరం వెళ్లలేదు, కానీ తప్పుదారి పట్టించారు. ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. వినియోగదారుల చట్టం కింద కేంద్ర ప్రాధికార సంస్థ కూడా మొదటిసారి 10 లక్షల వరకు విధించగలదు. ఇవి గరిష్ఠాలు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆ ఒక్క వాక్యం ఎంత బరువైనదో చూపడానికి చెబుతున్నాను. ‘మా అమ్మకు షుగర్ తగ్గింది’ అని కస్టమర్ రాసిన మాటను మీ స్టోరీలో పంచుకోవడం కూడా మానండి. మీ ఖాతా నుంచి వెళ్లాక అది మీ ప్రకటనే.

ఇప్పుడు రాయడం సంగతి. రెండింటికీ మూలం ప్యాకెట్ మీది వాక్యమే కావాలి. క్యాప్షన్ కోసం కుదించేటప్పుడు విశేషణాలు కొట్టేయండి, కథ కొట్టేయండి, తయారీ విధానం కొట్టేయండి. షరతును మాత్రం ముట్టుకోకండి. ‘బెల్లంతో’ అన్నది ఇక్కడ షరతు. ఫోనులో మొదటి ఒకటి రెండు వరుసలే కనిపించి మిగతాది దాగిపోతుంది కాబట్టి అది మొదటి మాటల్లోనే ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను:

‘బెల్లంతో చేసిన రాగి లడ్డూ. వేయించిన రాగి పిండి, వేరుశనగ, నెయ్యి. 400 గ్రాములు, 16 లడ్డూలు.’

చక్కెర ఊసే లేదు చూడండి. లేనిదాని గురించి చెప్పకుండా ఉన్నదాన్ని చెబితే సగం తగాదాలు పుట్టవు. ‘చక్కెర బదులు’ అన్న మాట మీకు అమ్మకానికి అవసరమనిపిస్తే ‘చక్కెర బదులు బెల్లం’ అని మూడు మాటలూ కలిపే రాయండి, విడదీయకండి. క్యాప్షన్ తెలుగులో పెట్టి ‘బెల్లం ఉంది’ అన్నది మాత్రం ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో ఫొటో మూలన వేయడం కుదరదు. దావా ఏ భాషలో ఉంటే వివరణా ఆ భాషలోనే, అదే అక్షరాలతో ఉండాలని 2022 మార్గదర్శకాల్లో ఉంది.

లిస్టింగులో చోటు ఎక్కువ. చాలామంది ఆ చోటును ‘అమ్మమ్మ చేతి రుచి’ లాంటి వాక్యాలతో నింపి, కావలసినవి కిందికి తోసేస్తారు. మీ లిస్టింగులో పదార్థాల వరుస ఇలా ఉంది: రాగి పిండి, వేరుశనగ, నెయ్యి, బెల్లం. ఇది సరి కాదు. బరువు ఎక్కువైనది ముందు, తక్కువైనది తర్వాత రావాలన్నది లేబులింగ్ నియమం. మీ కొలత ప్రకారం బెల్లం రెండో స్థానంలో ఉండాలి. చివర పెట్టడంతో చిటికెడు వేశారేమో అనిపిస్తోంది. కొనేవారి తరఫు న్యాయవాదిని నేనైతే మొదట దీన్నే చూపిస్తాను. వరుస సరిచేసి, వివరణలో ఒక వాక్యం చేర్చండి: ‘తీపి బెల్లం నుంచే వస్తుంది. ఒక్కో లడ్డూలో సుమారు 7.5 గ్రాముల బెల్లం ఉంటుంది.’ షుగర్ ఉన్న మనిషి తినాలో వద్దో తన వైద్యుణ్ని అడిగి నిర్ణయించుకోవడానికి ఆ అంకె చాలు. వేరుశనగ, పాల పదార్థమైన నెయ్యి ఉన్నాయని అలర్జీల గడిలో విడిగా రాయండి.

నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదులకు సంప్రదించే వివరం తూనికలు కొలతల నిబంధనల ప్రకారం లిస్టింగులో కనిపించాలి. ప్యాకెట్‌తో అక్షరం తేడా లేకుండా చూసుకోండి. మీ పోస్టులో ‘అరకిలో ప్యాక్’ అని, లిస్టింగులో 400 గ్రాములని ఉంది. ఇదీ సరిచేయండి.

విజయవాడ ఆయన విషయంలో ఆలస్యం వద్దు. తాను నివసించే చోటే ఫిర్యాదు వేసే హక్కు ఆయనకు ఉంది, ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా ఉండదు. కమిషన్ నోటీసు వస్తే జవాబుకు మీకు 30 రోజులు, గట్టిగా అడిగితే ఇంకో 15. అంత దూరం వెళ్లనివ్వకండి. ప్రకటించిన లక్షణాలు వస్తువుకు లేకపోతే వెనక్కి తీసుకోననే వీలు 2020 ఈ-కామర్స్ నియమాల కింద అమ్మకందారుకు లేదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. కాబట్టి ఈరోజే మార్కెట్‌ప్లేస్ సందేశాల ద్వారానే, రాతపూర్వకంగా జవాబివ్వండి. పోస్టులో బెల్లం ప్రస్తావన పోవడం మా పొరపాటు, పోస్టు సరిచేశాం, రవాణా ఖర్చుతో సహా డబ్బు వెనక్కి ఇస్తున్నాం, ప్యాకెట్ తిరిగి పంపే ఖర్చు మాది అని చెప్పండి. ‘లిస్టింగ్ చదవకపోవడం మీ తప్పు’ అన్న మాట మాత్రం రాయకండి.

పోస్టు మార్చే ముందు పాత పోస్టుకూ, పాత లిస్టింగుకూ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. క్యాప్షన్ సవరించవచ్చు, కానీ రీల్‌లో దృశ్యం మీద వేసిన అక్షరాలు అలా మారవు. ‘చక్కెర లేని’ అన్న మాట మీ రీల్ మీదే ఉంది, దాన్ని తీసేసి కొత్తది చేయక తప్పదు.