మేనకోడలికి: మనకు నచ్చని ఆర్డరు మన నోటితో చెప్పాల్సినప్పుడు

అమ్మలూ,

రాత్రి ఫోన్లో నువ్వన్న మాట పొద్దున కాఫీ తాగుతుంటే కూడా చెవిలోనే ఉంది. "మామయ్యా, మా బ్యాంకు బ్రాంచిని వేరేదాంట్లో కలపొద్దన్నాను, ఆ పని నా చేతే చేయిస్తున్నారు, పైగా ఊళ్ళో మీటింగ్ పెట్టి నేనే చెప్పాలట" అన్నావు. నేనేమో రెండు ఓదార్పు మాటలు చెప్పి ఫోన్ పెట్టేశాను. రిటైరైనవాడికి ఓదార్చడం తేలికే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వ బ్యాంకులు కలిసి నాలుగయ్యాయి. ఆ తర్వాత ఒకే సెంటర్లో, దగ్గర దగ్గర ఊళ్ళలో రెండేసి బ్రాంచీలు మిగిలిపోయాయి. ఒక్కొక్కటీ కలుపుకుంటూ వచ్చారు. మా బ్రాంచి వంతు మరుసటి ఏడాది వచ్చింది. ఆరు కిలోమీటర్ల అవతలి బ్రాంచిలో కలపాలన్నారు. నాకు అస్సలు ఇష్టం లేదు. ఇప్పుడు నీ కడుపులో ఏం తిరుగుతోందో నాకు తెలుసు.

అయితే ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇది అంతకు చాలా ఏళ్ళ ముందు సంగతి. నేను అప్పుడు వేరే బ్రాంచిలో ఉన్నాను. బంగారం అప్పులు మధ్యాహ్నం రెండు తర్వాత ఇవ్వొద్దని ఆర్డరు వచ్చింది. అప్రైజర్ తూకం, గీటు, ప్యాకెట్ మీద సంతకాలు, ఇద్దరి తాళాలతో స్ట్రాంగ్ రూమ్‌లో పెట్టడం, ఇవన్నీ హడావిడిగా జరుగుతున్నాయని వాళ్ళ వాదన. మా ఊరి రైతులు పొలం పని చూసుకుని మూడింటికి వస్తారు కదా, ఈ ఆర్డరు రాసినవాడు ఎప్పుడైనా కౌంటర్లో కూర్చున్నాడా అని నేను. కానీ ఆ మాట పైకి ఒక్క ముక్క రాయలేదు. స్టాఫ్ ముందు టీ తాగుతూ మాత్రం రోజూ అన్నాను. కౌంటర్ దగ్గర ఎవరైనా అడిగితే చేతులు తిప్పి "పై నుంచి ఆర్డరమ్మా, నేనేం చేయను" అనేవాడిని.

మూడు నెలలకి ఏమైందంటే, ఒకరోజు ఒంటిగంటా పదిహేనుకి ఒకావిడ గొలుసు పట్టుకొచ్చింది. మా క్లర్క్ తల కూడా ఎత్తకుండా "పై నుంచి ఆర్డర్ లేదు" అన్నాడు. ఇంకా ముప్పావుగంట టైముంది! నేను లోపలి నుంచి వచ్చేలోపు ఆవిడ మెట్లు దిగిపోయింది. సాయంత్రం తెలిసింది, నూటికి రెండు రూపాయల వడ్డీకి బజార్లో తాకట్టు పెట్టిందని. మా దగ్గర అయ్యే వడ్డీకి అది రెట్టింపు కంటే ఎక్కువ. ఆర్డరు వల్ల ఆవిడకి నష్టం రాలేదమ్మా. నేను రోజూ విసిరిన ఆ నిట్టూర్పు వల్ల వచ్చింది. మేనేజర్‌కి ఇష్టం లేదని తెలిస్తే ఆ పనిలో బద్ధకించడానికి స్టాఫ్‌కి లైసెన్స్ దొరికినట్టే. క్లర్క్‌ని నేనేమీ అనలేకపోయాను. ఆ మాట నేర్పింది నేనే.

అందుకని బ్రాంచి కలిపేస్తామన్నప్పుడు మొదట చేసింది, టీ దగ్గర నోరు కట్టేసుకోవడం. రెండోది, అభ్యంతరాన్ని ఒక్కసారి, ఒక్క పేజీలో, రీజనల్ ఆఫీసుకి రాయడం. ఇప్పుడు నువ్వు ఫోన్లో చెప్పానన్నావు. ఫోన్లో చెప్పింది చెప్పినట్టు కాదు. అవతలివాళ్ళు విన్నారో లేదో నీకు తెలియదు, అసలు నువ్వు సరిగ్గా చెప్పావో లేదో నీకే తెలియదు. "ఎవరూ నా మాట వినలేదు" అనే బాధ సగం అక్కడే పుడుతుంది. ఈ రోజే కాగితం పెట్టు.

ఆ కాగితంలో "ఖాతాదారుల మనోభావాలు" లాంటి మాటలు రాయకు. చదివేవాళ్ళు పక్కన పెట్టేస్తారు. నేను మూడే రాశాను. మా దగ్గర 140 డ్వాక్రా గ్రూపులున్నాయి, అప్పు రెన్యువల్‌కి గ్రూపు మహిళలు కలిసి రావాలి, ఆటో ఖర్చు పడితే కిస్తీలు ఆలస్యమవుతాయి. వృద్ధులు దూరం రాలేరు, వాళ్ళ లావాదేవీలు తగ్గిపోతాయి. అవతలి బ్రాంచిలో క్యాష్ కౌంటర్లు రెండే, మా రద్దీ తట్టుకోలేవు. కింద ఒక విన్నపం పెట్టాను: కలపడం ఆపలేకపోతే ఊళ్ళో బ్యాంక్ మిత్రను పెట్టండి, మొదటి మూడు నెలలు అక్కడ మూడో కౌంటర్ ఇవ్వండి. చివర్లో "నిర్ణయం ఇదే అయితే చెప్పిన తేదీకి అమలు చేస్తాను" అని రాశాను. ఆ వాక్యం లొంగిపోవడం అనుకోకు. అది ఉంటేనే పై మూడూ పని మీద రాసినవని నమ్ముతారు, అలక అనుకోరు.

పదిరోజులకి జవాబు వచ్చింది. విలీనం ఆగదు, బ్యాంక్ మిత్రను ఇస్తాం, కౌంటర్ ఇవ్వలేం అని. కారణం అడగడానికి మా రీజనల్ మేనేజర్‌ని ఒకసారి కలిశాను. వాదించడానికి కాదు, ఊళ్ళో అడిగితే నేనేం చెప్పాలో తెలుసుకోవడానికి. ఆయన అద్దె, సెక్యూరిటీ, స్టాఫ్ కొరత లెక్కలు చూపించాడు. నాకు నచ్చలేదు గానీ తెలివితక్కువ లెక్కేమీ కాదు. నువ్వూ అడుగు. కారణం తెలియకపోతే మనసు దానంతట అదే ఒక కారణం కల్పించుకుంటుంది, అది ఎప్పుడూ దుర్మార్గమైనదే అవుతుంది.

ఆ రాత్రే ఇంకో పని చేశాను. మీ అత్తయ్య నవ్వింది కూడా. నేను భయపడుతున్న మూడూ చిన్న కాగితం మీద తేదీ వేసి రాసి, కవర్లో పెట్టి అతికించి, బీరువాలో పెట్టాను. ఆరు నెలల తర్వాత తీస్తానని. ఇదెందుకంటే, నాకు నచ్చని పని మొదలైన దగ్గర్నుంచి అది ఎక్కడ చెడుతుందా అని వెతికే జబ్బు నాకుంది. ప్రతి చిన్న గొడవా "చెప్పానా!" అనడానికి సాక్ష్యమైపోతుంది. కవర్లో పెట్టాక రోజూ లెక్క చూసే పని తప్పింది.

ఇక మీటింగ్ సంగతి. ఇక్కడ మన భాషే మనల్ని పట్టిస్తుందమ్మా. "వాళ్ళు కలిపేస్తున్నారు" అంటే నువ్వు చేతులు దులుపుకున్నట్టు. "ఇది మన అందరి మంచికే" అంటే అబద్ధం, జనం వెంటనే పసిగడతారు. "మేము" అను. "మేము ఫలానా తేదీ నుంచి ఈ బ్రాంచిని అక్కడ కలుపుతున్నాం." ఆ "మేము"లో నువ్వూ ఉన్నావు, బ్యాంకూ ఉంది. నీకు ఇష్టమని చెప్పాల్సిన పని లేదు, లేదని చెప్పాల్సిన పనీ లేదు. నా మీటింగ్‌లో ఒక డ్వాక్రా లీడర్ లేచి సూటిగా అడిగింది: "సార్, మీకిది ఇష్టమేనా?" ఒక్క క్షణం గొంతు పట్టేసింది. "నా అభిప్రాయం చెప్పాల్సిన చోట చెప్పానమ్మా. నిర్ణయం అయిపోయింది. దీన్ని మీకు తక్కువ ఇబ్బందితో జరిపించడం నా పని, అందులో తేడా వస్తే నన్ను అడగండి" అన్నాను. ఆవిడ ఒప్పుకుందని చెప్పను. కూర్చుంది.

ఇబ్బంది ఉండదని మాత్రం చచ్చినా అనకు. ఏ ఇబ్బందో పేరుపెట్టి చెప్పు. ఖాతా నంబర్ మారకపోయినా ఐఎఫ్‌ఎస్‌సీ మారుతుంది. ఆధార్ మీద వచ్చే డబ్బుకి ఆ కోడ్‌తో పని లేదు, అది దానంతట అదే పడుతుంది. కానీ డెయిరీ వాళ్ళు వేసే పాల డబ్బులు ఖాతా నంబరు, కోడ్ చూసి వేస్తారు. నేను మొదటి మీటింగ్‌లో ఈ మాట మర్చిపోయాను. పాత కోడ్ కొంతకాలం నడిచింది, అది ఆగిపోయాక కొందరి డబ్బు వెనక్కి పోయింది. పది పదిహేను రోజుల పాల డబ్బంటే వాళ్ళకి దాణా ఖర్చు. పాల కేంద్రానికి నేనే వెళ్ళి రిజిస్టర్లో కోడ్‌లు మార్పించాను. లాకర్ల వాళ్ళకి విడివిడిగా ఫోన్ చెయ్యి, నోటీసు బోర్డు వాళ్ళు చదవరు.

బంగారం ప్యాకెట్లు తరలించేరోజు నువ్వు దగ్గరుండు. తాళం రెండో మనిషి చేతిలో ఉంటుంది కదా అని వదిలేయకు. మా దగ్గర 600 పైచిలుకు ప్యాకెట్లు. ఒక్కొక్కటీ రిజిస్టర్‌తో సరిచూసేసరికి రాత్రి తొమ్మిదయింది. చిత్రం ఏమిటంటే, కసి తగ్గింది ఆ రోజే. నాలుగువందల ప్యాకెట్లు దాటాక ఎవరి నిర్ణయమో గుర్తుకు రాలేదు, నంబరు తప్పకూడదన్నదే మిగిలింది.

కడుపులో ఉన్నది ఎవరో ఒకరికి కక్కాలి, కాదనను. ఆ మనిషి నీ బ్రాంచిలో ఉండకూడదు, నీ పై అధికారి కాకూడదు, వాట్సాప్ గ్రూపు అసలే కాకూడదు. నాకు మీ అత్తయ్య ఉంది. నీకు నేనున్నాను, రాత్రి తొమ్మిది తర్వాత చెయ్యి, సీరియల్ అయిపోతుంది.

ఒక హద్దు ఉంది. నేను చెప్పేదంతా నచ్చని నిర్ణయం గురించే, తప్పుడు పని గురించి కాదు. పాత తేదీ వేయమన్నా, లేని ప్యాకెట్ ఉన్నట్టు రాయమన్నా, అది అమలు చేసే రకం కాదు. రాతలో ఇమ్మని అడుగు, ఇవ్వకపోతే చేయకు, విజిలెన్స్‌కి రాయి. నీ విలీనం ఆ కోవలోది కాదు. దాన్ని అలా చూడాలని మనసు లాగుతుంది, లాగనివ్వకు.

కవర్ సంగతి అడుగుతావని తెలుసు. ఆరు నెలలకి తీశాను. డ్వాక్రా కిస్తీల భయం నిజమైంది, మొదటి మూడు నెలలు బాగా ఆలస్యమయ్యాయి. ఆ కాగితం జత చేసి పైకి రాస్తే గ్రూపుల రెన్యువల్‌కి నెలకో రోజు ఊళ్ళోనే క్యాంపు పెట్టుకోమన్నారు. వృద్ధుల విషయంలో నేను పూర్తిగా పొరబడ్డాను. బ్యాంక్ మిత్ర పిల్లాడు వాళ్ళ అరుగు మీదకే మిషన్ పట్టుకెళ్ళాడు, బ్రాంచి ఉన్నప్పటికంటే ఎక్కువసార్లు డబ్బు తీశారు. రద్దీ మాత్రం చెప్పలేం, కొన్నాళ్ళు తిట్టుకున్నారు, తర్వాత అలవాటుపడ్డారు. పాల డబ్బుల సంగతి నా కవర్లోనే లేదు.

మీటింగ్ పదో తేదీ అన్నావు. అంతకుముందే ఒక సాయంత్రం పాల కేంద్రానికి వెళ్ళిరా, రిజిస్టర్లో ఎన్ని పేర్లు మీ బ్రాంచి ఖాతాదారులవో చూసుకో. మీ అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది, బస్సులో పంపుతున్నాం, డ్రైవర్ ఫోన్ చేస్తాడు.

ఆశీస్సులతో,
మీ మామయ్య