క్రిటికల్ చైన్‌లో బఫర్ ఎందుకు?

ప్రశ్న: ప్రాజెక్టుకు ఎన్ని రోజులు పడుతుందో లెక్కేయడానికి క్రిటికల్ పాత్ ఉండగా క్రిటికల్ చైన్ ఎందుకు? బఫర్ అంటే చివర్లో నాలుగు రోజులు కలుపుకోవడమేనా?

కాదు. రెండంతస్తుల ఇంటి వైరింగ్ చూడండి. అంతస్తుకు 10 రోజులు. ఒకదానిపై ఒకటి ఆధారపడవు కాబట్టి, ఏ పని తర్వాత ఏది అన్నదే చూసే క్రిటికల్ పాత్ లెక్కలో మొత్తం 10 రోజులే. కానీ ఉన్నది ఒక్కడే ఎలక్ట్రీషియన్, అంటే 20. మనిషి ఖాళీని కూడా లెక్కలోకి తెచ్చేదే చైన్.

ఆ 10లో సగం భయంతో వేసుకున్నదే అనుకుందాం. ఒక్కో అంతస్తుకు 5 ఉంచి, రెండింట్లో కలిపి తీసేసిన 10లో సగాన్ని చివర ఉమ్మడి బఫర్‌గా పెడితే మొత్తం 15. రెండు అంతస్తులూ ఒకేసారి పూర్తిగా ఆలస్యం కావడం అరుదు, అందుకే సగం చాలు.

మొదటి అంతస్తుకు 8 రోజులు పట్టిందా? పని సగమే అయింది, బఫర్ 60 శాతం పోయింది. టెన్షన్ పడాల్సింది ఇప్పుడే. అలాగని 5 రోజులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని తిట్టారో, మళ్లీసారి 10 అనే చెబుతాడు.