శాతాలు వందకు సరిపోయాయి, లెక్క మాత్రం తప్పింది

సార్, మా ఉగాది కమిటీ బడ్జెట్ 3,60,000 రూపాయలు. ఎక్సెల్‌లో పై చార్ట్ వేసి మీటింగ్‌లో చూపించాను. శాతాలన్నీ కలిపితే సరిగ్గా వంద వస్తోంది. కానీ ఒక పెద్దాయన లేచి, "పందిరికి 87 వేలు అన్నావు, ఇక్కడ 25 శాతం అని ఉంది, అంటే 90 వేలు కదా బాబూ?" అన్నారు. రౌండింగ్ వల్ల అలా వస్తుందని చెప్పాను, ఆయన ఒప్పుకోలేదు. షీటు, చార్టు పంపుతున్నాను, కాస్త చూడండి.
– కమిటీ కోశాధికారి, పర్లాకిమిడి

పెద్దాయన చెప్పిందే కరెక్టండీ. రౌండింగ్‌కు ఒక హద్దు ఉంటుంది. చార్ట్ మీద 25% అని కనబడాలంటే అసలు విలువ కనీసం 24.5 శాతం ఉండాలి, మీ బడ్జెట్‌లో అది 88,200 రూపాయలు. 87,000 దానికంటే తక్కువ కాబట్టి ఆ తేడాను రౌండింగ్ మీదకు నెట్టడానికి వీల్లేదు, ఇంకెక్కడో డబ్బు తప్పిపోయింది అన్నమాట.

ఎక్కడ తప్పిపోయిందో మీ షీటు తెరవగానే కనబడింది. B కాలమ్‌లో పందిరి, మైకు 87000, భోజనాలు 123000, సాంస్కృతిక కార్యక్రమాలు 52000, పిల్లల తెలుగు క్లాసులు 45000, హాలు అద్దె 26500, ఇతర ఖర్చులు 12000. ఈ ఆరూ గడిలో కుడి అంచుకు ఆనుకుని ఉన్నాయి. ప్రింటింగ్ దగ్గర మాత్రం `14,500/-` అని ఉంది, అదొక్కటే ఎడమ అంచుకు అంటుకుని కూర్చుంది. పాతపట్నం ప్రెస్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన రేటును అలాగే కాపీ చేసి పెట్టి ఉంటారు. మనం చెక్కు మీదా రసీదు మీదా చిన్నప్పటి నుంచి రాసే ఆ గీత, అడ్డగీత ఉంటే ఎక్సెల్ దాన్ని అంకెగా తీసుకోదు, మాటగా తీసుకుంటుంది. మాటకు చార్ట్‌లో విలువ సున్నా. అందుకే ప్రింటింగ్ పేరు పక్కన రంగు గుర్తుల్లో ఉంది గానీ గుండ్రంలో దాని ముక్క లేదు. అక్కడ 0% అని ఒక లేబుల్ రావాలి, మీ చార్ట్‌లో అది లేదంటే పక్క లేబుల్ మీద పడి అడ్డంగా ఉందని మీరే తీసేసి ఉంటారు. తప్పును చూపించే ఆనవాలు అదొక్కటే, అదే పోయింది.

మరి వంద ఎలా వచ్చింది అంటారా? పై చార్ట్‌కు మీ 3,60,000 సంగతి తెలీదు. దాని చేతికి ఎన్ని అంకెలు అందితే వాటి కూడికే దానికి మొత్తం. మీ చార్ట్ చేతికి అందింది ఆరు పద్దులే, వాటి కూడిక 3,45,500. అందులో 87,000 అంటే 25.18 శాతం, భోజనాలు 35.6, అలా ముక్కలన్నీ కాస్త కాస్త ఉబ్బి, పోయిన పద్దు చోటు నింపేశాయి. మీరు ఒక పద్దు మర్చిపోయినా, మూడు మర్చిపోయినా గుండ్రం పూర్తిగానే కనబడుతుంది. కాబట్టి శాతాలు వందకు రావడం చూసి లెక్క సరిపోయిందని ఎప్పుడూ అనుకోకండి. ఇక షీటు అడుగున 'మొత్తం' గడిలో 360000 అని మీరు చేత్తో టైప్ చేశారు, అక్కడ ఫార్ములా ఉండి ఉంటే 345500 అని అదే పట్టించేది.

ముందు ఏదైనా ఖాళీ చోట ఈ మూడూ ఒక్కో గడిలో వేసి చూడండి:

```
=SUM(B2:B8)
=COUNT(B2:B8)
=COUNTA(B2:B8)
```

మొదటిది కూడిక. రెండోది ఎన్ని గడుల్లో నిజమైన అంకెలున్నాయో చెబుతుంది, మూడోది ఖాళీ కాని గడులు ఎన్నో చెబుతుంది. మీ షీటులో 345500, 6, 7 వస్తాయి. ఆరుకూ ఏడుకూ తేడా వచ్చిందంటే ఒక గడి అంకెలా కనబడుతున్న మాట అన్నట్టే. ప్రింటింగ్ గడిలో ఉన్నది చెరిపేసి, కామా కూడా లేకుండా 14500 అని కొట్టండి. ఆ గీత కళ్లకు కనబడాల్సిందే అనుకుంటే Format Cells లో Custom కు వెళ్లి `#,##0"/-"` అని ఇవ్వండి, అప్పుడు అది చూపు వరకే, లోపల అంకె అంకెలాగే ఉంటుంది. తర్వాత 'మొత్తం' గడిలో టైప్ చేసింది తీసేసి SUM పెట్టండి. కమిటీ ఆమోదించిన 3,60,000 ను వేరే గడిలో, అనుకోండి B11 లో, రాసి దాని కింద `=B11-SUM(B2:B8)` వేయండి. అక్కడ సున్నా వచ్చేదాకా చార్ట్ ఎవరికీ చూపించకండి.

ఇప్పుడు ఇంకోటి జరుగుతుంది, దానికి మీరు కంగారు పడతారని ముందే చెబుతున్నాను. అంకె సరిచేశాక చార్ట్‌లో శాతాలు 24, 34, 14, 13, 4, 7, 3 అని వస్తాయి. కలిపి చూడండి, 99. తప్పు చార్ట్‌కు వంద వచ్చింది, సరైన చార్ట్‌కు 99! ఇది మాత్రం నిజంగా రౌండింగే. సాంస్కృతిక కార్యక్రమాలు 14.44 శాతం, హాలు అద్దె 7.36, ఇతర ఖర్చులు 3.33, ఇలా ఆరు పద్దుల వెనక ఉన్న చిల్లర అంతా కోతపడింది, పైకి జరిగింది 12.5 ఉన్న తెలుగు క్లాసులు ఒక్కటే. చాలామంది ఇక్కడ ఒక లేబుల్ మీద క్లిక్ చేసి 14 ను 15 అని చేత్తో మార్చేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. చేత్తో రాసిన లేబుల్‌కు షీటుతో సంబంధం తెగిపోతుంది, రేపు బడ్జెట్ మారినా అది 15 అనే చూపిస్తుంది. ఇప్పటికే ఎక్కడైనా అలా మార్చి ఉంటే ఆ లేబుల్‌ను ఎంచుకుని Format Data Labels లో Reset Label Text నొక్కండి, మళ్లీ షీటు చెప్పినట్టు వింటుంది.

దానికి బదులు అదే Format Data Labels లో కిందికి వెళ్లి Number లో Percentage ఎంచుకుని, దశాంశ స్థానాలు 1 చేయండి. 24.2, 34.2, 14.4, 12.5, 4.0, 7.4, 3.3 వస్తాయి, కూడితే సరిగ్గా 100. ప్రతి బడ్జెట్‌కూ ఇంత చక్కగా కుదరదు, ఒక్కోసారి 99.9 దగ్గరో 100.1 దగ్గరో ఆగుతుంది, అప్పుడు చార్ట్ కింద 'శాతాలను రౌండ్ చేశాం కాబట్టి కూడికలో స్వల్ప తేడా ఉండొచ్చు' అని ఒక లైను రాస్తే చాలు. చార్ట్ పక్కనే షీటులోని రూపాయల పట్టికను కూడా చూపించండి. పెద్దాయన లాంటి వాళ్లు కూడుకునేది రూపాయలే, వాటిలో ఒక్క రూపాయి తేడా కూడా ఉండకూడదు. మీరు తీసేసిన ప్రింటింగ్ లేబుల్ తనంతట తాను తిరిగి రాదు, కొత్తగా వచ్చిన ఆ ముక్కను విడిగా ఎంచుకుని రైట్ క్లిక్ చేసి Add Data Label నొక్కండి.

'మొత్తం' వరసను కూడా కలిపి సెలెక్ట్ చేసి చార్ట్ వేసేవాళ్లూ ఉన్నారు, అప్పుడు సగం గుండ్రం ఒకే ముక్క అయిపోతుంది, చూడగానే తెలుస్తుంది కాబట్టి దానితో పెద్ద ప్రమాదం లేదు. దాచిన వరసలతో జాగ్రత్త. ఒక పద్దు వరసను Hide చేస్తే చార్ట్ దాన్ని వదిలేస్తుంది, SUM మాత్రం కలుపుకుంటుంది, అంటే మన సున్నా పరీక్ష పాసైపోతుంది, చార్ట్‌లో ముక్క మాత్రం ఉండదు. అందుకని చివర్లో ఒక్కసారి వేలు పెట్టి ముక్కలు లెక్కపెట్టండి. షీటులో ఏడు పద్దులుంటే గుండ్రంలో ఏడు ముక్కలు, ఏడు లేబుళ్లు ఉండాలి. వచ్చే మీటింగ్‌లో కొత్త చార్ట్ ముందు ఆ పెద్దాయనకే చూపించండి.